మిగిలిన ప్యాకెట్ ఎవరిది?

ఇంట్లో కొట్టిన కారప్పొడి చుట్టాలకి నచ్చుతుంది, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్తారు. నాలుగు నెలలు గడిచేసరికి ఎవరో ఒకరు "వీధి చివర కొట్లో పెట్టరాదూ?" అంటారు. ఆ రాత్రే కొట్టాయన నంబరుకి వాట్సాప్‌లో ఒక సందేశం వెళ్తుంది. అలాంటి సందేశాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రసాయనాలు లేవు, రంగులు కలపలేదు, అమ్మమ్మల కాలం నాటి రుచి, శుభ్రతకి మారుపేరు, ఒక్కసారి రుచి చూస్తే వదలరు. కింద రెండు దణ్ణాలు, నాలుగు పువ్వులు. కొట్టాయన సగం చదివి పక్కన పెడతాడు. జవాబు రాదు. పంపినావిడ మనసు కష్టపెట్టుకుంటుంది.

ఆయన పొగరుతో చేసిన పని కాదది. ఆయన మనసులో ఉన్న ప్రశ్నకి ఆ సందేశంలో జవాబు లేదు, అంతే. రుచి ఎలా ఉందన్నది కొనేవాళ్ళ ప్రశ్న. కొట్టు నడిపేవాడి ప్రశ్న ఒక్కటే: అమ్ముడుపోకపోతే ఏమిటి? మిగిలిన ప్యాకెట్ ఎవరిది, ఎప్పుడు తీసుకెళ్తారు, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పిన సందేశానికి కొట్లో చోటు దొరుకుతుంది. మిగతాదంతా ప్యాకెట్ తెరిచాక ఆ పొడే చెప్పుకుంటుంది.

ఆయన వైపు నుంచి ఒకసారి చూద్దాం. పది అడుగుల కొట్లో ముందు వరసలో, కంటికి ఎదురుగా ఉండే అర మహా అయితే రెండో మూడో. అక్కడ పేరున్న కంపెనీల మసాలాలు, బిస్కెట్లు ఉంటాయి. వాటి మీద మిగిలేది సాధారణంగా పది శాతం దగ్గర్లోనే అయినా అవి రోజూ కదులుతాయి. పాడైనవి ఉంటే వారం వారం ఆర్డరు రాసుకునే కుర్రాడికి చూపించి మార్పించుకోవచ్చు. ఎవరూ పేరు వినని పొడి ప్యాకెట్ అక్కడ పెడితే ఆ కాస్త చోటూ మూసుకుపోతుంది. పైగా పాత అనుభవం ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో వడియాలు తెచ్చి పెట్టారు, తర్వాత ఫోనెత్తలేదు, వడియాలకి పురుగు పట్టింది, ఆయనే తీసి పారేశాడు. ఆయన జంకడంలో న్యాయం ఉంది.

ఇక్కడే పనికొచ్చే పద్ధతి కన్‌సైన్‌మెంట్. మాట పెద్దది, సంగతి చిన్నది: సరుకు మీ కొట్లో ఉంటుంది, కానీ అది మాది. అమ్ముడైనంతకే డబ్బివ్వండి, మిగిలింది మేమే తీసుకెళ్తాం. దినపత్రికలు, వారపత్రికలు అమ్మే దుకాణాలకి ఇలాంటి ఏర్పాటు కొత్త కాదు. అమ్ముడవని కాపీలు వెనక్కి వెళ్తాయి. దీన్ని అరువు సరుకుతో కలిపేయకూడదు. అరువిచ్చినప్పుడు సరుకు కొట్టాయనది అయిపోతుంది, డబ్బు మాత్రం ఆలస్యంగా వస్తుంది. అమ్ముడైనా కాకపోయినా ఆయన బాకీ బాకీయే. కన్‌సైన్‌మెంట్‌లో అమ్ముడయ్యేదాకా ఆయన బాకీ పడడు. నష్టభయం మొత్తం తయారుచేసినవాళ్ళదే. అందుకే కొట్టాయన ఒప్పుకోవడం తేలిక, అందుకే తయారుచేసేవాళ్ళు లెక్క గట్టిగా వేసుకోవాలి.

సందేశంలో గడువు రాయాల్సిన కారణం చట్టంలోనూ ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 24వ సెక్షన్, నచ్చితే ఉంచుకోండి లేకపోతే తిప్పి పంపండి అన్న షరతు మీద ఇచ్చిన సరుకు గురించి చెబుతుంది. తిప్పి పంపడానికి గడువు పెట్టుకుంటే, వద్దని చెప్పకుండా ఆ గడువు దాటించినప్పుడు సరుకు పుచ్చుకున్నవాడిదవుతుంది. గడువు పెట్టుకోకపోతే సబబైన కాలం దాటాక అవుతుంది. ఆ సబబైన కాలం ఎన్నాళ్ళన్నదాని మీదే ఇద్దరికీ గొడవ. ఏడెనిమిది ప్యాకెట్ల కోసం ఎవరూ కోర్టుకెక్కరు. కానీ "అమ్ముడయ్యేదాకా సరుకు మాదే, నెలకి మిగిలినవి మేమే తీసుకెళ్తాం" అన్న ఒక్క వాక్యం ముందే రాసుకుంటే ఆ అనుమానమే ఉండదు. పెద్దమనుషుల మాటకీ చట్టానికీ రెండింటికీ అది సరిపోతుంది.

ఇక ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచి నడిపిద్దాం. రాజమండ్రి దానవాయిపేటలో ఒకావిడ కరివేపాకు కారప్పొడి చేస్తుందనుకుందాం. నూనెలో వేగిన జంతికలో చేగోడీలో కాక ఆవిడ పొడిని ఎంచుకోవడం మంచి పని. కన్‌సైన్‌మెంట్ సరుకు వారాల తరబడి అరలో కూర్చోవాలి. జంతికలు విరుగుతాయి, వాటి నూనె కనరెక్కుతుంది. పొడికి ఆ బెడద తక్కువ. అలాగని అసలు లేకపోలేదు. కరివేపాకు నీడలో ఆరి, తర్వాత మూకుట్లో వేగి, చేత్తో నలిపితే గలగలలాడాలి. కాస్త చెమ్మ మిగిలినా పదిహేను రోజుల్లో పొడి ఉండకడుతుంది. వెల్లుల్లి వేస్తే రుచి పెరుగుతుంది, నిలవ తగ్గుతుంది. కొట్టుకిచ్చే పొడిలో వెల్లుల్లి మానేయడమే మేలని నా అభిప్రాయం. పొడి పూర్తిగా చల్లారాకే ప్యాకెట్‌లో పోయాలి, లేదంటే లోపల ఆవిరి పడుతుంది.

ఎన్నాళ్ళు నిలవుంటుందో ఊహించి రాయకూడదు. ఒక వాయి చేసినప్పుడు మూడు ప్యాకెట్లు పక్కన పెట్టి, కొట్లో ఉన్నట్టే బయట అరలో ఉంచి, ముప్పయ్యో రోజున ఒకటి, అరవయ్యో రోజున ఒకటి, తొంభయ్యో రోజున ఒకటి విప్పి చూడాలి. వాసన, రంగు, ఉండ కట్టిందా లేదా, నాలుక మీద కనరు తగులుతోందా అన్నది చూసుకోవాలి. తొంభై రోజులకీ బాగుంటే కొట్లో ఉంచే గడువు ముప్పై రోజులు పెట్టుకోవచ్చు. ఈ తేడాలోనే కన్‌సైన్‌మెంట్ లాభమంతా ఉంది. ఎందుకో లెక్కలో కనిపిస్తుంది.

వంద గ్రాముల ప్యాకెట్‌కి దినుసులు, గ్యాస్ కలిపి 28 రూపాయలు అవుతున్నాయనుకుందాం. పౌచు, లేబులు 6. అంటే చేతి నుంచి పోయేది 34. ఆవిడ కష్టానికి ప్యాకెట్‌కి 12 వేసుకుంటే 46. చాలామంది ఈ 12 వేసుకోరు. ఇంట్లో పనికి కూలేమిటంటారు. వేసుకోవాలి. రేపు అమ్మకం పెరిగి ఒక మనిషిని పెట్టుకోవాల్సివస్తే ఆ డబ్బు ఎక్కణ్ణుంచో రాదు. ఎమ్మార్పీ 80 పెట్టి, కొట్టాయనకి 16 ఇస్తే, ఆవిడకి వచ్చేది 64.

మొదటిసారి ఆరు ప్యాకెట్లు పెట్టిందనుకుందాం. ఆరూ అమ్ముడైతే 384 వస్తాయి, ఖర్చు 276 పోతే 108 మిగులు. అయిదు అమ్ముడై ఒకటి పారేస్తే 320 వస్తాయి, మిగులు 44కి పడిపోతుంది. నాలుగే అమ్ముడైతే 256. ఆరు ప్యాకెట్లకి చేతి నుంచి పెట్టిన 204 తిరిగొస్తుంది గానీ కష్టానికి రావాల్సిన 72లో 52 మాత్రమే దక్కుతుంది. మూడే అమ్ముడైతే 192. చేతి డబ్బు కూడా పూర్తిగా రాదు. అంటే సగం అమ్ముడైనా నష్టమే. "సగమన్నా పోయాయిలే" అని సంతోషించే చోట నిజానికి జేబుకి చిల్లు పడుతోంది.

ఈ లెక్కంతా మిగిలినవి పారేస్తేనే. ముప్పయ్యో రోజున మిగిలిన రెండు ప్యాకెట్లకి ఇంకా రెండు నెలల ఆయువుంటుంది కాబట్టి, వాటిని బాగా కదులుతున్న మరో కొట్టుకి మారిస్తే అవి అమ్ముడైపోతాయి. తొంభై రోజులూ ఒకే చోట వదిలేస్తే అవి చెత్తబుట్టకే. అందుకని "నెలకి మిగిలినవి తీసుకెళ్తాను" అన్నది కొట్టాయనకి చేసే ఉపకారమే కాదు, ఆవిడ సొంత రక్షణ కూడా. ఒకే కొట్లో ఇరవై పెట్టేకంటే మూడు కొట్లలో ఆరేసి పెట్టడం ఇందుకే మంచిది.

కొట్టాయన వాటా దగ్గర ఒక చిక్కుంది. ఆవిడ ఇరవై శాతం అంటుంది, ఆయన ఇరవై అయిదు అంటాడు. ఇద్దరూ చెప్పేది అదే పదహారు రూపాయలు కావచ్చు. ఎనభై మీద పదహారు ఇరవై శాతం, అరవై నాలుగు మీద అదే పదహారు ఇరవై అయిదు శాతం. శాతాల్లో మాట్లాడుకుని, మొదటి లెక్క రోజున తేడా వచ్చి, మొహాలు ముడుచుకున్న సందర్భాలు మామూలే. సందేశంలో శాతం రాయకుండా రూపాయల్లో రాస్తే ఆ గొడవే రాదు.

లెక్క తేలింది కాబట్టి ఇప్పుడు సందేశం. ఆవిడ ఇలా రాస్తుంది:

"నమస్కారమండీ. మీ కొట్టు వెనక సందులో, రామాలయం పక్కింట్లో ఉంటామండీ. సరుకులు మీ దగ్గరే తీసుకుంటాం.

మా ఇంట్లో చేసిన కరివేపాకు కారప్పొడి ఆరు ప్యాకెట్లు మీ కొట్లో పెట్టుకుంటారేమోనని అడుగుతున్నాను. ముందు మీరు డబ్బులేమీ ఇవ్వక్కర్లేదండీ. అమ్మినవాటికే ఇవ్వండి. అమ్ముడయ్యేదాకా సరుకు మాదే.

ప్యాకెట్ 100 గ్రాములు, ఎమ్మార్పీ 80 రూపాయలు. ప్యాకెట్‌కి మీకు 16, నాకు 64.

పదిహేను రోజులకోసారి శనివారం మధ్యాహ్నం నేనే వచ్చి లెక్క చూసుకుంటాను. నెలకి మిగిలినవి నేనే వెనక్కి తీసుకెళ్తాను. పొడి ఉండకట్టినా, కొన్నవాళ్ళు బాగాలేదని తెచ్చిచ్చినా నాదే బాధ్యత, మీకు నష్టం రానివ్వను.

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరు, తేదీలు, ధర ప్యాకెట్ మీద ఉన్నాయి, ఫోటోలు పెడుతున్నాను.

రేపు మూడింటికి రుచికి ఒక ప్యాకెట్ తెచ్చిస్తాను. చూసి చెప్పండి. కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఏమీ అనుకోను."

కింద ఆవిడ పేరు, ఫోన్ నంబరు. దాంతోపాటు రెండే ఫోటోలు: ప్యాకెట్ ముందువైపు, వెనకవైపు.

ఇందులో పొడి ఎంత రుచిగా ఉంటుందో ఒక్క ముక్క లేదు. కావాలనే వదిలేసింది. రుచికి సాక్ష్యం మర్నాడు ఆయన చేతికొచ్చే ప్యాకెట్. అన్నంలో వేసుకుని నెయ్యి చుక్క తగిలించి తిన్నవాడికి వర్ణన అక్కర్లేదు.

మొదటి వాక్యంలో ఇల్లెక్కడో చెప్పడానికి కారణముంది. ఫోన్ తెర మీద సందేశం వచ్చినట్టు కనిపించేది మొదటి ఒకటి రెండు వరసలే. అక్కడ "శుభోదయం" అనో "స్వచ్ఛమైన ఇంటి రుచులు" అనో కనిపిస్తే ఆయన దాన్ని ప్రకటన కింద జమకట్టి తెరవడు. "మీ కొట్టు వెనక సందులో" అంటే తెరుస్తాడు. తన దగ్గర సరుకులు కొనే ఇల్లన్నది ఆయనకి రెండు రకాల ధీమా. ఈవిడ పారిపోదు, ఈవిడకి జవాబివ్వకపోతే బాగుండదు. ఆ దగ్గరితనాన్ని వాడుకోవచ్చు గానీ "ఎన్నాళ్ళ నుంచి మీ దగ్గర కొంటున్నాం, ఈ మాత్రం చెయ్యరా" అని దబాయించకూడదు. మొహమాటానికి పెట్టుకున్న ప్యాకెట్లు బిస్కెట్ల డబ్బాల వెనక్కి పోతాయి.

పిలుపు కూడా ఊరిని బట్టే. గోదావరి జిల్లాల్లో ప్రతి వాక్యం చివరా "అండీ" లేకపోతే మాట కరుగ్గా వినిపిస్తుంది. వయసులో పెద్దాయనైతే "బాబాయ్ గారూ" అన్నా బాగుంటుంది. హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో అయితే "అన్నా, నమస్తే" అని మొదలుపెట్టడమే సహజం. కొట్లో కూర్చునేది ఆయన భార్య అయితే సందేశం ఆవిడకే పంపాలి. పొడుల సంగతి ఆవిడకే బాగా తెలుస్తుంది, ఎవరికి ఏది చూపించాలో కూడా ఆవిడకే తెలుస్తుంది.

పంపే వేళ గురించి ఒక మాట. ఉదయం పాల ప్యాకెట్ల హడావుడి, సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళ హడావుడి. మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య కొట్టాయన కాస్త తీరికగా ఉంటాడు. నెల మొదటి వారం అస్సలు వద్దు. అందరి నెల సరుకుల చీటీలూ అప్పుడే వస్తాయి. ఇరవయ్యో తేదీ ప్రాంతంలో అడిగితే, కొత్త నెల సరుకులతో పాటు మీ ప్యాకెట్ కూడా జనం కంట్లో పడుతుంది.

రిజిస్ట్రేషన్ మాట సందేశంలోకి ఎందుకు రావాలంటే, దాని వేడి కొట్టాయనకీ తగులుతుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 27వ సెక్షన్ ప్రకారం, గడువు తీరిన తినుబండారం అమ్మినా, ఎవరు తయారుచేశారో తెలియని సరుకు అమ్మినా, లేబులు నిబంధనల ప్రకారం లేని సరుకు అమ్మినా అమ్మినవాడు కూడా బాధ్యుడే. తెల్లటి కవర్లో పోసి, కొవ్వొత్తి మంట మీద అంటించి, చేత్తో "కారప్పొడి" అని రాసిన ప్యాకెట్ పెట్టుకోమంటే, ఆయన్ని ఇరుకులో పెడుతున్నట్టే. అధికారి వస్తే జవాబు చెప్పాల్సింది ఆయన. ఇంట్లో చిన్న ఎత్తున చేసేవాళ్ళకి పెద్ద లైసెన్సు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలు. foscos.fssai.gov.in లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే పద్నాలుగు అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. సందేశం పంపడానికి ముందు చేయాల్సిన పని ఇది. "దరఖాస్తు పెట్టామండీ, వస్తుంది" అంటే నమ్మకం సగమైపోతుంది.

లేబులు మీద నంబరుతో పాటు పొడి పేరు, ఎక్కువ వేసిన దినుసు ముందు వచ్చేలా దినుసుల వరస, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ గుర్తు, తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా, బరువు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. వేరుశనగ వేస్తే ఆ సంగతి విడిగా చెప్పాలి, కొందరికి అది పడదు. గ్రాము ధర కూడా రాయాలి. మన ప్యాకెట్‌కైతే గ్రాముకి 80 పైసలు. ఇంకా చిన్నా చితకా నిబంధనలున్నాయి, ఒక వాయి లేబుళ్ళు అచ్చేసే ముందు ఆహార భద్రత అధికారి కార్యాలయంలో ఒకసారి చూపించుకుంటే వృథా ఖర్చు తప్పుతుంది. ఫోటోలో వెనకవైపు పంపమన్నది అందుకే. అనుభవమున్న కొట్టాయన ప్యాకెట్ తిప్పి చూసేది ఆ వైపే.

ఇక జవాబు వస్తుంది. "చూద్దాం లేమ్మా" అంటే కాదనే. దాన్ని పట్టుకుని రోజూ అడగకూడదు, రుచికిచ్చిన ప్యాకెట్ ఇచ్చేసి, వారం తర్వాత సరుకులకి వెళ్ళినప్పుడు "పొడి ఎలా ఉందండీ?" అని ఒక్కసారి అడిగితే చాలు. "పదహారు కాదు, ఇరవై ఇవ్వండి" అంటే అది మంచి జవాబు, ఆయన లెక్క వేశాడన్నమాట. ఆవిడ అప్పుడు 60 మీద తన లెక్క మళ్ళీ చూసుకోవాలి. ఆరూ అమ్ముడైతే 84 మిగులుతుంది, అయిదైతే 24. అయిదు అమ్మితే తప్ప కష్టం పూర్తిగా గిట్టదని ముందే తెలిసుంటే, ఎదురుగా నిలబడి తడబడాల్సిన పనుండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన జవాబు "ఆ, అక్కడ పెట్టేసి వెళ్ళమ్మా". వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. ఎన్ని పెట్టారో ఆయన చూడలేదు, ఎప్పుడు పెట్టారో ఎవరూ రాసుకోలేదు. పదిహేను రోజుల తర్వాత ఆరు పెట్టానని ఆవిడ, నాలుగే చూశానని ఆయన. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరికీ గుర్తు లేదు.

దీనికి మందు ఒక చీటీ. అర ఠావు కాగితం చాలు. తేదీ, బ్యాచ్ నంబరు, ఆరు ప్యాకెట్లు, ఎమ్మార్పీ 80, చెల్లించాల్సింది 64, వెనక్కి తీసుకునే తేదీ. కింద ఆయన సంతకం లేదా కొట్టు ముద్ర. సంతకం అడగడం మొహమాటమనిపిస్తే ప్యాకెట్లు అరలో సర్దాక అక్కడే ఒక ఫోటో తీసి "ఈ రోజు ఆరు ప్యాకెట్లు పెట్టానండీ, పన్నెండో తేదీ బ్యాచ్" అని అదే వాట్సాప్‌లో పంపాలి. ఆయన "సరే" అని కొట్టినా, చివరికి బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. తేదీ, లెక్క, ఒప్పుకోలు మూడూ ఒకే చోట నిలిచిపోతాయి. మొదటి సందేశం ఉన్న చోటే ఇది కూడా ఉండటం మరీ మంచిది. పైకి జరిపి చూస్తే షరతులు కనబడతాయి.

లెక్క రోజున అడగాల్సింది "ఎన్ని అమ్మారండీ?" అని కాదు. అరలో మిగిలినవి లెక్కపెట్టాలి. ఆరులో రెండున్నాయంటే నాలుగు పోయాయి, నాలుగు అరవై నాలుగులు 256. ఇక్కడ తరచూ వచ్చే పేచీ ఖాతా. "రెండు ప్యాకెట్లు మేష్టారు గారు ఖాతాలో పట్టుకెళ్ళారమ్మా, ఆయన ఒకటో తారీఖున ఇస్తారు, అప్పుడు ఇస్తాను" అంటాడు. ఇది మోసం కాదు, ఆయన కొట్టు నడిచేదే ఖాతాల మీద. కానీ ఆ ఖాతా ఆయనకీ మేష్టారికీ మధ్య ఉన్నది. ప్యాకెట్ అర దాటిందంటే అమ్ముడైనట్టే లెక్క. ఈ మాట మొదటి సందేశంలో రాస్తే తగువులా వినిపిస్తుంది కాబట్టి అక్కడ వద్దు, చీటీ మీద చిన్నగా రాసుకోవాలి: "ఖాతాకిచ్చినవీ అమ్మినవే". మొదటి లెక్కలోనే నవ్వుతూ గుర్తుచేస్తే సరిపోతుంది. మూడు లెక్కలు దాటాక చెబితే ఆయనకి అది కొత్త షరతులా ఉంటుంది.

రెండో పేచీ పాడైన ప్యాకెట్. ఎలుక కొరికితేనో, పైన నూనె డబ్బా కారితేనో ఎవరి నష్టం? సందేశంలో ఆవిడ తన బాధ్యతగా ఒప్పుకున్నది పొడి తనంతట తాను పాడవడం, కొన్నవాళ్ళకి నచ్చకపోవడం. కొట్లో జరిగిన నష్టం దానిలోకి రాదు. అయినా మొదటి రెండు నెలల్లో ఒకటీ అరా ఎలుక కొట్టేస్తే దాన్ని తన ఖాతాలో వేసుకోవడమే తెలివి; చోటు నిలబడాలి కదా. అదే చోట మళ్ళీ జరిగితే అర మార్చమని అడగాలి. ఎండ కూడా ఒక శత్రువు. పశ్చిమం వైపు తిరిగిన కొట్లో గాజు పలక వెనక పెట్టిన పారదర్శక ప్యాకెట్‌లో కరివేపాకు పొడి మూడు వారాల్లో ఆకుపచ్చ పోయి గడ్డి రంగుకి తిరుగుతుంది. లోపల పొడి బాగానే ఉన్నా ఎవరూ కొనరు. లెక్కకి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో దాచుకున్న అదే బ్యాచ్ ప్యాకెట్ పక్కన పెట్టి చూస్తే, తప్పు పొడిదో ఎండదో తేలిపోతుంది. రెండూ రంగు మారితే తయారీలో లోపం. కొట్లోది మాత్రమే మారితే చోటులో లోపం.

మూడోది కనబడకుండా జరిగే నష్టం: ప్యాకెట్లు ముందు వరస నుంచి వెనక్కి జరిగిపోవడం. ఎవరూ కావాలని చెయ్యరు, కొత్త సరుకు వచ్చినప్పుడు పాతది వెనక్కి పోతుంది. లెక్క రోజున ప్యాకెట్ల మీద దుమ్ముంటే అదే గుర్తు. తుడిచి ముందుకి జరిపి రావాలి. కంపెనీల కుర్రాళ్ళు చేసేదీ అదే, అందులో నామోషీ లేదు.

రెండు లెక్కలు గడిచేసరికి ఆ కొట్టు సంగతి తేలిపోతుంది. మొదటి పదిహేను రోజుల అమ్మకాన్ని నమ్మకూడదు. తెలిసినవాళ్ళు, చుట్టాలు వెళ్ళి కొని ఉంటారు. రెండో పదిహేను రోజుల్లో పోయినవే అసలు అమ్మకం. ఆరింటిలో నెలకి అయిదు పోతే మళ్ళీ ఆరు పెట్టండి, పన్నెండు వద్దు. రెండు నెలలు వరసగా అన్నీ ఖాళీ అయితే అప్పుడు పెంచండి. ఆ దశలో కొట్టాయనే "డబ్బులిచ్చి తీసుకుంటాను, ఇరవై రెండు నాకు మిగలనివ్వు" అనవచ్చు. ఒప్పుకోండి. ప్యాకెట్‌కి 58 వస్తుంది, 46 పోను 12 మిగులు, వెనక్కి తెచ్చుకునే బాధ ఉండదు. నెలకి మూడు కంటే తక్కువ పోతుంటే మాత్రం ఆ కొట్టు ఆ పొడికి తగింది కాదు. మిగిలినవి చెప్పిన తేదీకే తీసుకుని, ఉన్న లెక్క సరిచేసుకుని, "మళ్ళీ ఎప్పుడైనా పెడతానండీ" అని చెప్పి వచ్చేయండి. తీసుకెళ్తానన్న రోజున తీసుకెళ్ళిన మనిషికి, రేపు పచ్చడి సీసాలు పట్టుకెళ్ళినా అదే కొట్లో చోటు దొరుకుతుంది.